గంట కొట్టం, దీపం వెలుగుతుంది

(పుష్య బహుళ పంచమి నాడు జరిగిన త్యాగరాజ ఆరాధనలో వ్యాఖ్యాత తొలి పలుకులు)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఆసీనులైన విద్వాంసులకు, ముందు వరసలో ఉన్న పెద్దలకు, వెనక కుర్చీల్లో పుస్తకం తెరిచి ఆఖరి నిమిషంలో సాహిత్యం చూసుకుంటున్న పిల్లలకు, వాళ్ళకంటే ఎక్కువ టెన్షన్ పడుతున్న వాళ్ళ అమ్మలకు కూడా నమస్కారం.

నా పేరు కార్యదర్శి గారు ఇప్పుడే చెప్పారు, మళ్ళీ చెప్పి మీ టైము తినను. పేరు ముందు ఆయన అభిమానంతో రెండు మూడు విశేషణాలు తగిలించారు, వాటిని ఇక్కడే వదిలేద్దాం. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. చిన్నప్పుడు సంగీతం వర్ణాల దాకా వచ్చి ఆగిపోయింది. అందుకని రాగం గుర్తుపట్టగలను గానీ పాడమంటే పాడను. వ్యాఖ్యాతకి అంతమాత్రం సంగీతం చాలని, అంతకంటే ఎక్కువ వస్తే ప్రమాదమని సభవారు అనుకున్నట్టున్నారు. (నవ్వులు)

ఇప్పుడు నేనెందుకు మాట్లాడుతున్నానో దాచకుండా చెప్పేస్తాను. నా వెనక టక్ టక్ మని చప్పుడు వినపడుతోంది కదా, అది మృదంగాలకు శ్రుతి సరిచేసుకుంటున్న చప్పుడు. గోష్ఠిగానానికి ఇవాళ నలుగురు మృదంగ విద్వాంసులు కూర్చున్నారు. నల్లటి మచ్చ ఉన్న కుడి మూత అంచు మీద, వార్ల అల్లిక దగ్గర, గుండ్రాయితో పైనుంచి కొడితే చర్మం బిగిసి నాదం పైకి వెళుతుంది. కింది నుంచి పైకి తడితే సడలి దిగుతుంది. చుట్టూ పదహారు చోట్లా ఒకే నాదం పలకాలి. ఎడమ వైపు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తారు. అది కాస్త ఎక్కువైతే నాదం బరువెక్కుతుంది, ఎండి రాలిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఇలా నాలుగు మృదంగాలు, మూడు వయొలిన్లు ఒకే శ్రుతికి రావడానికి పావుగంట పైనే పడుతుంది. ఆ పావుగంటా మీరు ఖాళీగా కూర్చోకుండా ఉండటానికి నన్ను పెట్టారు. వాళ్ళు తల ఊపగానే నేను ఆపేస్తాను, వాక్యం మధ్యలో ఉన్నా సరే.

పొద్దున్న ఉంఛవృత్తి అయింది, ఊరేగింపులో వచ్చిన బియ్యం వంటశాలకు చేరింది. 1847 జనవరి 6న, ఇదే తిథి నాడు, త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధి పొందారు. అక్కడ కావేరి ఒడ్డున ఆయన సమాధి దగ్గర జరిగే ఆరాధన పద్ధతినే మన ఊళ్ళో కూడా పాటిస్తున్నాం. ముందు ఘనరాగ పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఇవీ రాగాలు. అయిదూ ఆదితాళమే. గంటకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఒకే శ్రుతిలో పాడాలి కాబట్టి కొందరికి పై స్థాయి అందదు, కొందరికి కింద స్వరం పలకదు. అందనిచోట పెదవి కదిపి ఊరుకోండి, గొంతు చించుకోవద్దు. వరాళిలో కనకన రుచిరా రాదని భయపడేవాళ్ళు మరీ నిశ్చింతగా ఉండవచ్చు. ఆ కీర్తన గురువు నేరుగా నేర్పకూడదని, నేర్పితే గురుశిష్యులకు పడదని ఒక నమ్మకం ఉంది. అందుకే చాలామంది ఇలాంటి గోష్ఠుల్లో విని విని పట్టుకున్నవాళ్ళే. మీరూ అలాగే పట్టుకోండి.

గోష్ఠి పది గంటలకు ముందే అయిపోతుంది. అసలు కథ సరిగ్గా పదింటికి మొదలవుతుంది. ఇవాళ విడివిడిగా పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు 48 మంది. పిల్లలు 12 మంది, వాళ్ళకు తలా 5 నిమిషాలు. పెద్దలు 36 మంది, వాళ్ళకు తలా 8 నిమిషాలు. నా బుద్ధి ఎటూ లెక్కల మీదికే పోతుంది కాబట్టి కూడి చూశాను. పాటకే 348 నిమిషాలు, అంటే 5 గంటల 48 నిమిషాలు. పదింటికి మొదలుపెడితే నాలుగింటికి ముందే అయిపోవాలి. కానీ ఏ ఆరాధనా అలా అయిపోదని మీ అందరికీ తెలుసు. సాయంత్రం ఆరింటికి మొదలుకావలసిన కచేరీ ఏడున్నరకు మొదలవుతుంది. పెద్ద విద్వాంసులు పొరుగూరి నుంచి వచ్చి, పక్క గదిలో కాఫీ మీద కాఫీ తాగుతూ కూర్చుంటారు. ఆ టైమంతా ఎక్కడ పోతుందో ఇవాళ్టి ఏర్పాట్లు చూసేముందు ఒకసారి చెబుతాను.

అది పాటలో పోదు. పాటకీ పాటకీ మధ్య పోతుంది. 48 మంది అంటే మధ్యలో 47 మార్పులు. పాడి లేచినవారు చాప దిగాలి, రాబోయేవారు ఎక్కాలి, చీర సర్దుకోవాలి, మైకు ఎత్తు సరిచేయాలి. ఇదంతా ఒక్క నిమిషంలో అవుతుంది. అసలు తంటా శ్రుతితో. మగవాళ్ళు ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో పాడతారు. ఆడవాళ్ళు చాలామంది అయిదు, అయిదున్నర. పేర్లు ఇచ్చిన వరసలోనో, అక్షరక్రమంలోనో పిలిస్తే ఒకటో శ్రుతి ఆయన తరవాత అయిదో శ్రుతి ఆవిడ వస్తారు, ఆవిడ తరవాత మళ్ళీ ఒకటిన్నర. ప్రతిసారీ వయొలిన్ వారు నాలుగు తీగలూ మళ్ళీ శ్రుతి చేసుకోవాలి. తొందరపడి బిరడ తిప్పితే తీగ పుటుక్కున తెగుతుంది, ఇంకో అయిదు నిమిషాలు దానికి. మృదంగాన్ని అరశ్రుతి పైకో కిందికో రాయితో సర్దుకోవచ్చు గానీ ఒకటి నుంచి అయిదుకు తీసుకెళ్ళలేరు, మృదంగమే మార్చాలి. ఘటమైతే కుండే మార్చాలి. ఎంత నేర్పున్నా సగటున మూడు నిమిషాలు తక్కువ కాదు. 47 మార్పులకు మూడేసి చొప్పున 141 నిమిషాలు. పాటల 348కి అవి కలిపితే ముగిసేసరికి సాయంత్రం 6 దాటి 9 నిమిషాలు. అప్పటికే కచేరీ టైము మింగేశాం. ఇంకా సన్మానాలు, ఉపన్యాసాలు లెక్కలో వేయనేలేదు.

అందుకని ఈసారి వరస శ్రుతిని బట్టి కట్టాం. దరఖాస్తులో మీ శ్రుతి ఎంత అని అడిగితే కొందరు "అదెందుకండీ" అని విసుక్కున్నారు, ఇందుకే అడిగాం. నాలుగు జట్లు చేశాం. మొదట పిల్లలు 12 మంది. వాళ్ళని మధ్యాహ్నం దాకా ఆపితే ఆకలితో గొంతు ఉండదు, అది వేరే సంగతి. తరవాత ఆడవాళ్ళు 15 మంది. నాలుగున్నర వారు ముందు, అయిదున్నర వారు చివర, అంటే అరశ్రుతి చొప్పున పైకి మాత్రమే వెళతాం, వెనక్కి రాం. మూడో జట్టు మగవాళ్ళు 11 మంది, ఒకటి నుంచి రెండు దాకా అలాగే. ఆఖరున వీణ, వేణువు, వయొలిన్ సోలో కలిపి 10 మంది. వీణ వారికి తీరిగ్గా శ్రుతి చేసుకునే చోటు కావాలి కాబట్టి పక్క గది వాళ్ళకు ఇచ్చేశాం. జట్టు మారినప్పుడల్లా పక్కవాద్యాల వారు కూడా మారతారు. కొత్త జట్టు వారు తమ శ్రుతికి సిద్ధం చేసుకున్న వాద్యాలతోనే వచ్చి కూర్చుంటారు. వరసపెట్టి ఆరేడు గంటలు వాయించమని ఏ విద్వాంసుణ్ణీ అడగకూడదు కదా.

ఇప్పుడు లెక్క చూడండి. పెద్ద మార్పులు మూడే. ఒక్కోదానికి 8 నిమిషాలు వేస్తే 24. చిన్న మార్పులు 44, ఒక్కో నిమిషం చొప్పున 44 నిమిషాలు. మొత్తం 68. పాటలతో కలిపి 416 నిమిషాలు, సాయంత్రం 4 గంటల 56 నిమిషాలకు చివరి వాద్యం ఆగుతుంది. ఎవరి పాటా ఒక్క సెకను కోయకుండా 73 నిమిషాలు మిగిలాయి. ఆ మిగిలినదాంట్లో అయిదు నుంచి అయిదున్నర దాకా సన్మానాలు, ఆ తరవాత అరగంట వేదిక సర్దుకోవడం, ఆరింటికి కచేరీ.

ఒక్క నిమిషంలో మార్పు జరగాలంటే మీ సహకారం కావాలి. నేను ఒకరిని పిలిచినప్పుడు ఆ తరవాతి ఇద్దరి పేర్లు కూడా చెబుతాను. ఆ ఇద్దరూ వేదిక పక్కనున్న బెంచీ మీదికి వచ్చేయండి. చెప్పులు అక్కడే విడవండి, మంచినీళ్ళు అక్కడే తాగండి. దయచేసి ఫోన్లో శ్రుతి పెట్టుకుంటానని అనకండి. మీరు ఆ యాప్ వెతికి తెరిచి చరణంలోకి వచ్చేసరికి మీ అత్తగారు ఫోన్ చేస్తారు. (నవ్వులు) శ్రుతిపెట్టె వేదిక మీదే ఉంది, దాని లైను నేరుగా మైకు సెట్టుకు కలిపారు. మీ ముందున్న చిన్న స్పీకరులో అది వినపడకపోతే పాట మొదలుపెట్టక ముందే చెయ్యి ఎత్తండి. పల్లవి మధ్యలో సైగలు చేస్తే సెట్టు అబ్బాయికి అర్థం కాదు. వయొలిన్ వినపడటం లేదంటున్నారనుకుని దాన్ని పెంచేస్తాడు.

8 నిమిషాల్లో ఏం పాడగలం అని అడిగారు కొందరు. మధ్యమకాల కృతి ఒకటి హాయిగా పాడవచ్చు. ఆలాపన నిమిషం లోపు. పల్లవి సంగతులు, అనుపల్లవి, చరణం. అంతా అయ్యాక టైము ఉంటే రెండు మూడు ఆవర్తాలు స్వరం వేసుకోండి. నెరవు మాత్రం వద్దు, ఒకసారి మొదలైతే అది మన చేతిలో ఉండదు. ఉదాహరణకు చక్కని రాజమార్గము ఉంది. ఖరహరప్రియ ఆలాపన చేసి, సంగతులన్నీ వేసి, స్వరం కూడా పాడాలంటే కచేరీలో అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. అదే కృతిని ఆలాపన తగ్గించి, స్వరం వదిలి పాడితే ఎనిమిదిలో ఇమిడిపోతుంది. ఇవాళ ఒకరు అలాగే పాడుతున్నారు, నేను వాళ్ళింటి దగ్గర కూర్చుని విన్నాను. చేతిలో గడియారంతోనే అనుకోండి.

టైము అయిపోతోందని గుర్తుచేయడానికి చాలాచోట్ల గంట కొడతారు. ఇక్కడ కొట్టం. ఇత్తడి గంటకు తన శ్రుతి ఒకటుంటుంది. పాడేవారు షడ్జం పట్టుకుని నిలబడిన క్షణంలో ఆ గంట ఖంగున మోగిందంటే, పాడేవారూ వినేవారూ ఇద్దరూ ఉలిక్కిపడతారు. పైగా వయొలిన్ వారి ముఖం చూడలేం. దాని బదులు మీ ఎదురుగా, మైకు స్టాండు మొదట్లో చిన్న పసుపు దీపం పెట్టాం. ఏడో నిమిషంలో అది వెలుగుతుంది. వెలగగానే ఆపేయనక్కర్లేదు. చరణంలో ఉంటే చరణం పూర్తిచేసి పల్లవికి వచ్చి ముగించండి. స్వరంలో ఉంటే ఆ ఆవర్తంతో ముక్తాయించండి. పిల్లలకు ఆ దీపం వేయం. దాన్ని చూసి సాహిత్యం మరిచిపోతారు. వాళ్ళ గురువులు ఎదురుగా కూర్చుని సైగ చేస్తారు.

కృతుల ఎంపిక మీద ఒక మాట. ప్రతి ఒక్కరినీ రెండు కృతులు రాసివ్వమన్నాం. నగుమోము ఏడుగురు రాశారు. ఆ కృతి మీద నాకు కోపమేమీ లేదు గానీ ఒకే రోజు ఏడుసార్లు అంటే ఏడోసారి పాడేవారికే అన్యాయం, వినేవారు మనసులో ఆరుగురితో పోల్చేస్తారు. ముందు దరఖాస్తు ఇచ్చినవారికి అది ఉంచి, మిగతా ఆరుగురికీ వాళ్ళ రెండో కృతి ఇచ్చాం. ఒకే రాగం కూడా వెంటవెంటనే రాకుండా చూశాం. ఖరహరప్రియలో చక్కని రాజమార్గము ఉంది, పక్కల నిలబడి ఉంది. రెంటికీ మధ్య గంటకు పైగా ఎడం పెట్టాం. ఎవరైనా వేదిక ఎక్కాక "ఇది కాదండీ, ఇంకోటి పాడతాను" అంటే నేను చిరునవ్వుతో కాగితమే చూపిస్తాను.

రెండో జట్టు ఈ రోజంతటిలో పెద్దది. పదకొండుంపావు దాటాక మొదలై ఒంటిగంటన్నర దాకా సాగుతుంది. ఆడవాళ్ళకి అంత చోటు ఉండటం మనకు మామూలుగానే అనిపిస్తుంది. కానీ తిరువయ్యారులోనే ఒకప్పుడు ఆరాధనలో ఆడవాళ్ళని పాడనిచ్చేవారు కాదు. బెంగళూరు నాగరత్నమ్మ గారు 1920లలో తన సొంత సొమ్ము పెట్టి స్వామి సమాధి దగ్గర గుడి కట్టించారు. అక్కడా తనకు పాడే వీలు లేదంటే ఆడవాళ్ళతో వేరే ఆరాధన మొదలుపెట్టారు. 1940 ప్రాంతంలో విడివిడిగా ఆరాధన చేస్తున్న వర్గాలన్నీ కలిసి ఒకే ఉత్సవం అయ్యేదాకా పట్టు విడవలేదు. అందుకని రెండో జట్టు మొదలయ్యే ముందు ఆవిడ పటానికి పూలమాల వేస్తాం. దానికి ఉపన్యాసం ఉండదు.

ఆ జట్టు సరిగ్గా భోజనాల వేళకు పడింది. హాలు ఖాళీ అయిపోయి, పాపం పాడేవారు కుర్చీలకు పాడుకోవలసి రావడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి మూడు పంక్తులు పెట్టాం. ద్వారం దగ్గర ఇచ్చిన టోకెన్ రంగు చూసుకోండి. తెల్లది పన్నెండున్నరకు, పచ్చది ఒంటిగంటకు, గులాబీ ఒకటిన్నరకు. అంటే ఎప్పుడు చూసినా మూడింట రెండు వంతుల మంది హాల్లోనే ఉంటారు. పాడబోయేవాళ్ళకి చివరి పంక్తి ఉంచాం, నిండు కడుపుతో పాడమని ఎవరినీ బలవంతం చేయం. వంటశాల తలుపు మూసే ఉంచుతారు, గరిటెల చప్పుడు తాళంలో కలవకుండా.

నేను ఏం మాట్లాడతానో కూడా చెప్పాలి కదా. పేరు, గురువు పేరు, కృతి, రాగం, తాళం, పక్కవాద్యాలు. ఇరవై సెకన్లు. "గాన" తో మొదలయ్యే బిరుదులు చదవను, నా మీద కోపం పెట్టుకోకండి. పాట అయ్యాక "ఎంత అద్భుతంగా పాడారండీ" అనను. అది మీ చప్పట్లు చెబుతాయి. పైగా ఒకరికి అద్భుతమని ఇంకొకరికి బాగుందంటే సాయంత్రానికి నాకు నిష్టూరాలు తప్పవు. దాతల పేర్లు రెండేసార్లు చదువుతాను, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మధ్యలో వచ్చే అతిథులను జట్లు మారే ఆ 8 నిమిషాల్లోనే వేదిక మీదికి ఆహ్వానిస్తాం. ముందే వచ్చినవారు దయచేసి ముందు వరసలో కూర్చుని రెండు కృతులు వినండి. శాలువాలన్నీ అయిదింటికే.

ఆలస్యం అవుతోందో లేదో మీరే కనిపెట్టవచ్చు. 11 గంటల 20 నిమిషాలకు, 1 గంటా 40 నిమిషాలకు, 3 గంటల 25 నిమిషాలకు కొత్త జట్టు మొదలైందా అని గడియారం చూడండి. అయిదు నిమిషాలకు మించి వెనకబడితే ముందు నా మాటలు కోసేస్తాను, తరవాత అతిథుల మాటలు, ఆ తరవాత కచేరీ ముందున్న అరగంటలో కొంత. పాడేవారి 8 నిమిషాల జోలికి మాత్రం పోను. ఆ 8 నిమిషాల కోసం తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. కరెంటు పోతే జనరేటర్ అందుకోవడానికి కొద్ది సెకన్లు పడుతుంది, పాట ఆపకండి, మేం చప్పుడు చేయకుండా వింటాం.

రాత్రి కచేరీ అయ్యాక ఆంజనేయోత్సవం, మంగళం. వడమాల ప్రసాదం అందరికీ ఉంటుంది, కానీ ఆఖరి దాకా కూర్చున్నవారికే. ఇది సభవారి నిర్ణయం, నాది కాదు.

తల ఊపారండీ. నలుగురూ ఊపారు. వయొలిన్... ఆ, సరే.

పంచరత్నాలు వచ్చినవారందరూ వేదిక ముందు పరిచిన జంపఖానాల మీదికి రండి, ఆడవాళ్ళు ఎడమ వైపు, మగవాళ్ళు కుడి వైపు. సెల్‌ఫోన్లు కట్టేయండి. ముందుగా శ్రీ గణపతిని, సౌరాష్ట్ర రాగం. వెంటనే, మధ్యలో నా ప్రకటన ఏమీ లేకుండా, జగదానందకారక, నాట రాగం, ఆదితాళం.